రక్తం బాగున్నా అరికాళ్లలో మంటలు

కోబాలమిన్ అనే బి12 విటమిన్‌ను తయారుచేసేవి సూక్ష్మజీవులే. మొక్కల్లో అది దొరకదు. ఆవు, గేదె పొట్టలోని బ్యాక్టీరియా తయారుచేసినది పాలలోకి చేరుతుంది కాబట్టి శాకాహారికి పాలు, పెరుగే ఆధారం. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉండటంతో లోటు చాలా మెల్లగా బయటపడుతుంది.

పుట్టినప్పటి నుంచీ శాకాహారం తినే అరవై ఏళ్ల ఇల్లాలి సంగతే చూద్దాం. రెండు పూటలా కాఫీ, మధ్యాహ్నం పలచని మజ్జిగ. అన్నీ కలిపినా రోజుకు పావు లీటరు పాలు కూడా ఉండవు. వాటిలో బి12 సుమారు ఒక మైక్రోగ్రాము. కావలసింది రెండుకు పైనే. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ కాస్తా కూడా సరిగా ఒంటబట్టదు.

మొదట నీరసం, మెట్లెక్కితే ఆయాసం. తర్వాత అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. నరాలను చుట్టి ఉండే మైలిన్ పొర దెబ్బతినడమే వీటికి కారణం. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలిపడబోవడం కూడా దీని గుర్తే. మంటలను షుగరు వల్లేనని సరిపెట్టుకోవడం తరచూ జరిగే పొరపాటు.

అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటుంది. పప్పులు, ఆకుకూరల్లో ఫోలేట్ దండిగా ఉంటుంది. దాని కృత్రిమ రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను 1945లో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందమే. అది గొప్ప మందు. కానీ బి12 లోటున్నవారికి ఒక్క ఫోలిక్ యాసిడే ఇస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నరాల నష్టం మాత్రం ఆగదు. కాబట్టి రక్తహీనత లేదన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఇనుము కూడా తక్కువైతే, ఉబ్బాల్సిన ఎర్రకణాలు మామూలు సైజులోనే కనిపించి లోటును దాచేస్తాయి.

అందుకే రక్తంలో బి12ను విడిగా కొలవాలి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువైతే లోటుగా లెక్క. 200 నుంచి 300 మధ్య ఉంటే తేల్చి చెప్పలేరు. అప్పుడు మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష చేస్తారు. లోటుంటే అది పెరుగుతుంది. మాత్రలు మొదలుపెట్టాక రక్తం ఇస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది, కనుక ముందే ఇవ్వాలి.

పేగు ఒక్కసారికి రెండు మైక్రోగ్రాముల లోపే సులువుగా పీల్చుకుంటుంది. అందువల్ల పాలు, పెరుగు ఒకే పూట కాకుండా రెండు మూడు పూటలుగా తీసుకోవడం మంచిది. ఇడ్లీ పిండి పులిసినంత మాత్రాన బి12 వస్తుందని నమ్మకూడదు. స్పైరులినాలో ఉండేది ఎక్కువగా మన శరీరానికి పనికిరాని రూపం. లోటు తేలితే ఆహారం ఒక్కటే చాలదు. 1000 మైక్రోగ్రాముల మాత్రలో నూటికి ఒక వంతే ఒంటబట్టినా పది మైక్రోగ్రాములు కదా, చాలామందికి అదే సరిపోతుంది. నరాల లక్షణాలుంటే డాక్టర్లు ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. రక్తం కొన్ని వారాల్లో కోలుకుంటుంది. నరాలకు నెలలు పడుతుంది. మంటలు ఏళ్ల తరబడి ఉన్నవారిలో కొంత నష్టం అలాగే మిగిలిపోవచ్చు.