కాళ్ల కింద ఏముందో చూడండి

గదిలో లైట్లు ఆర్పేశారు. తెర మీద ఒక బొమ్మ పడింది. కింద పేరు లేదు, గీసిందెవరో లేదు, ఏ కాలానిదో లేదు. మా చేతిలో ఒక తెల్ల కాగితం, పావుగంట సమయం. బొమ్మ తప్ప ఒక్క అక్షరం కూడా లేని ఇలాంటి స్లయిడ్‌ను చూసి రాయడం కళాచరిత్ర కోర్సుల్లో పాత పరీక్షే. ఎంత చదివావన్నది కాదు, ఎలా చూస్తావన్నది అందులో తేలిపోతుంది.

ఆ రోజు తెర మీద ఇద్దరు మనుషులు కౌగిలించుకుని ఉన్నారు. తలపాగాలు, నగలు, వెనక పెద్ద బంగారు వలయం. మొఘల్ చిత్రమని చూడగానే తెలిసింది. నేను ధీమాగా రాసేశాను: ఇద్దరు రాజులు కలిశారు, సంధి చేసుకున్నారు, ఇది ఆ సందర్భానికి గుర్తుగా వేసిన చిత్రం. కాగితం తిరిగొచ్చింది. మా మేడమ్ మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న రాశారు: "కాళ్లు చూశారా?"

చూడలేదు. ముఖాలు చూసి కథ అల్లేశాను. కొత్తవాళ్లందరూ చేసే తప్పే అది. కన్ను ముందు ముఖం దగ్గరికి పోతుంది, మనసు వెంటనే కథ దగ్గరికి పోతుంది. మిగతా బొమ్మంతా అలాగే ఉండిపోతుంది.

అందుకే పావుగంటలో మొదటి అయిదు నిమిషాలు ఏ పేరూ వాడకూడదని నియమం పెడతారు. 'రాజు' అనకూడదు, 'సంధి' అనకూడదు, 'మొఘల్' అని కూడా అనకూడదు. కంటికి కనబడేదే రాయాలి. ఆ బొమ్మను అలా మళ్లీ చూద్దాం.

కుడివైపు మనిషి భారీగా ఉన్నాడు. ఎడమవైపు మనిషి ఎత్తు తక్కువ, శరీరం సన్నం, భుజాలు కాస్త ముడుచుకుని ఉన్నాయి. పెద్దాయన చేతులు చిన్నాయన్ని చుట్టేశాయి. ఇద్దరి వెనకా ఒకటే సూర్యబింబం, దాని కింద నెలవంక. ఆ నెలవంకను రెక్కలున్న ఇద్దరు పసిపిల్లలు మోస్తున్నారు. ఇక కాళ్ల దగ్గరికి వద్దాం. పెద్దాయన ఒక సింహం మీద నిలబడ్డాడు. చిన్నాయన ఒక గొర్రె మీద నిలబడ్డాడు. రెండు జంతువులూ పడుకుని ఉన్నాయి. వాటి కింద ఉన్నది నేల కాదు, భూగోళం.

ఇంతవరకూ ఊహ ఒక్కటీ లేదు. అయినా నా 'సంధి' అప్పుడే కాస్త పలచబడింది. మన పెళ్లిళ్లలో ఎదురుకోలు ఫొటోలు చూడండి. వియ్యంకులిద్దరూ కౌగిలించుకుంటారు. ఎవరు పెళ్లికొడుకు తండ్రో, ఎవరు పెళ్లికూతురు తండ్రో చాలాసార్లు ఆ ఫొటోయే చెప్పేస్తుంది. ఎవరి నడుం నిటారుగా ఉంది, ఎవరిది వంగింది అన్నది చూస్తే చాలు. కౌగిలింత అనగానే సమానత్వం అనుకోనక్కరలేదు. ఈ బొమ్మలోనూ అంతే.

రెండో అంచెలో గుర్తుపట్టడం మొదలవుతుంది. సింహం, గొర్రె పక్కపక్కనే పడుకుంటే దాని అర్థమేమిటి? ఇది చిత్రకారుడు అప్పటికప్పుడు కల్పించింది కాదు. క్రూరమృగమూ సాధుజంతువూ ఒకేచోట నిశ్చింతగా ఉండటం బైబిల్లో శాంతికి గుర్తు. 1580లో జెసూట్ ఫాదరీలు అక్బర్‌కు ఆంట్వెర్ప్‌లో అచ్చయిన బహుభాషా బైబిల్ కానుకగా ఇచ్చారు. దాని ముఖచిత్రంలో సింహం, ఎద్దు, తోడేలు, గొర్రె కలిసి ఉంటాయి. మొఘల్ చిత్రకారులు ఇలాంటి యూరప్ ముద్రణలను దగ్గర పెట్టుకుని నేర్చుకున్నారు. రెక్కల పిల్లలూ ఆ దారినే వచ్చారు. న్యాయంగా ఏలే రాజు రాజ్యంలో పులి, మేక ఒకే రేవులో నీళ్లు తాగుతాయని మనమూ అంటాం కాబట్టి ఈ గుర్తు ఇక్కడ ఎవరికీ పరాయిగా అనిపించి ఉండదు.

అయితే సంధి అన్న నా మాట తప్పు కాదన్నమాట! జంతువులు శాంతి అనే చెబుతున్నాయి. నేనూ మేడమ్‌తో అదే అన్నాను. ఆవిడ నవ్వి, "జంతువులు ఎక్కడ పడుకున్నాయో కూడా చెప్పండి మరి," అన్నారు.

ఈ బొమ్మలో అసలు మెలిక అక్కడే ఉంది. కింద ఉన్న గోళం ఉత్త అలంకారం కాదు, పటం. అందులో దేశాలు గుర్తుపట్టేలా ఉన్నాయి, ఉత్తరం పైకి ఉంది. సింహం హిందుస్థాన్ నుంచి పడమటి దేశాల మీదికి బారెడు చాచుకుని పడుకుంది. దాని ఒత్తిడికి గొర్రె తన చోటు నుంచి జరిగి మధ్యధరా సముద్రం వైపు పోతోంది. గుర్తుగా చదివితే శాంతి, పటంగా చదివితే తోపులాట. ఒకే జంతువుల జంట రెండు మాటలు చెబుతోంది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసిన జవాబు సగం జవాబే.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది, నేను ఇప్పటికీ వాడుతుంటాను. మనం చెప్పే అర్థం నిజమైతే బొమ్మ ఇంకెలా ఉండొచ్చో అడగాలి. ఇది సమానుల స్నేహమే అయితే చిత్రకారుడు రెండు సింహాలు వేయొచ్చు, ఇద్దరినీ ఒకే ఎత్తున నిలబెట్టొచ్చు, ఒక్కో జంతువును దాని దాని దేశంలో పడుకోబెట్టొచ్చు. వీటిలో ఒక్కటీ చేయలేదు. చేయగలిగీ చేయని పని కూడా సాక్ష్యమే.

మూడో అంచెలోనే పేర్లు, చరిత్ర. ఈ చిత్రం వేసింది అబుల్ హసన్, సుమారు 1618లో. కుడివైపు ఉన్నది జహంగీర్, ఎడమవైపు ఉన్నది ఇరాన్ షా అబ్బాస్. అబుల్ హసన్ మామూలు చేయి కాదు. 1600లో, పదమూడేళ్ల వయసులో, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ముద్రణను చూసి సెయింట్ జాన్ బొమ్మ గీశాడు. అదిప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. జహంగీర్ అతనికి 'నాదిర్ ఉజ్ జమాన్' అని బిరుదిచ్చాడు. కాలానికే అరుదైనవాడని అర్థం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఇద్దరు రాజులూ జన్మలో ఎన్నడూ కలుసుకోలేదు. చిత్రకారుడు షా అబ్బాస్‌ను కళ్లారా చూడలేదు. జహంగీర్ 1613లో ఖాన్ ఆలంను ఇరాన్‌కు రాయబారిగా పంపాడు, షా రూపం గీసుకుని రమ్మని బిషన్‌దాస్ అనే చిత్రకారుణ్ణి కూడా తోడిచ్చాడు. ఈ బొమ్మ వేసే నాటికి ఆ రాయబార బృందం ఇంకా తిరిగి రాలేదు. చిత్రం మీద ఉన్న పారసీ రాత ప్రకారం ఇదంతా జహంగీర్‌కు వచ్చిన కల. వాళ్లిద్దరికీ మధ్య కాందహార్ కోట గురించి తగువుంది. ఆ భయాన్ని కౌగిలింతగా మార్చి చూపించిన కల ఇది.

ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. 'వీళ్లు ఎప్పుడూ కలవలేదు' అన్న విషయం బొమ్మను ఎంతసేపు చూసినా తెలియదు. అది పుస్తకాల్లో దొరికేది. పరీక్షలో ఎవరైనా అది రాస్తే చదువుకుని వచ్చారని అర్థం, చూసి కనిపెట్టారని కాదు. కానీ 'ఈ ఇద్దరూ సమానులు కారు, చిన్నాయన్ని తోసేస్తున్నారు' అన్నది చరిత్ర ఒక్క ముక్క తెలియనివాడు కూడా చూసి చెప్పగలడు. ఏది కంటితో తెలిసింది, ఏది చదివితే తెలిసింది అన్న గీత చెరగకుండా రాసినవాళ్లకే ఆ క్లాసులో మంచి మార్కులు పడేవి.

ఆ గీత దాటితే ఏమవుతుందో ఈ గోళమే చూపిస్తుంది. 1617లో ఇంగ్లండ్ రాయబారి సర్ థామస్ రో జహంగీర్‌కు మెర్కేటర్ పటాల పుస్తకం కానుకగా ఇచ్చాడు. జహంగీర్ దాన్ని కొద్ది రోజులకే తిరిగి పంపేశాడు. సంవత్సరాలు పక్కపక్కనే ఉన్నాయి కదా అని, అబుల్ హసన్ ఆ పుస్తకం చూసే ఈ గోళం వేశాడని రాయాలనిపిస్తుంది. నా స్నేహితుడొకడు రాశాడు కూడా. కానీ దానికి ఆధారం లేదు. యూరప్ పటాలు, గోళాలు వేరే దారుల్లోనూ ఆ దర్బారుకు చేరేవి. యూరప్ పద్ధతి పటం అనేవరకే మన హద్దు.

స్లయిడ్ చేసే మోసాలు వేరే ఉన్నాయి. గోడంత తెర మీద చూసి నేను దీన్ని దర్బారు గోడకు వేలాడదీసే చిత్రమనుకున్నాను. నిజానికి ఇది ఒక నోటుపుస్తకం పేజీ అంత ఉంటుంది. ఆల్బమ్‌లో పెట్టుకుని, ఒడిలో ఉంచుకుని, రాజూ అతని దగ్గరివాళ్లూ తీరిగ్గా చూసుకునేది. అంటే ఈ గొర్రెను ఇరాన్ రాయబారికి చూపించి బెదిరించడానికి వేయలేదు. ఇది చక్రవర్తి తనకు తాను చెప్పుకున్న మాట. సైజు తెలిస్తే అర్థం ఇంతగా మారిపోతుంది, స్లయిడ్ దాచేదీ అదే. బంగారం కూడా అంతే. కాగితాన్ని చేతిలో కాస్త వంచితే మెరిసే సూర్యబింబం తెర మీద ఉత్త పసుపు రంగుగా మిగులుతుంది. వెనకటి గాజు స్లయిడ్ల రోజుల్లో బొమ్మ కుడి ఎడమలు తిరగబడి పడటం కూడా మామూలే. బొమ్మలో రాత ఉంటే అది తిరగబడటం చూసి పట్టుకోవచ్చు. ఈ బొమ్మ తిరగబడితే పటంలో హిందుస్థాన్ పడమటికి పోతుంది, సింహం గొర్రెను తూర్పుకు తోస్తుంది.

అంచుల సంగతి ఇంకొకటి. మాకు చూపించిన స్లయిడ్‌లో బొమ్మను అంచులు కత్తిరించి పెట్టారు. అసలు కాగితం చుట్టూ వేరే పనివాళ్లు వేసిన నగిషీ అంచు ఉంది. అది జహంగీర్ కాలానిది కాదు, వందేళ్లకు పైగా తర్వాతిది.

1622లో షా అబ్బాస్ కాందహార్‌ను పట్టుకున్నాడు. జహంగీర్ బతికుండగా అది తిరిగి రాలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ బొమ్మ కూడా ఇరాన్ చేరింది. ఆ నగిషీ అంచు కట్టింది అక్కడే. ఇప్పుడు అది వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్దదిగా చేసి చూడొచ్చు. కింద రాసింది చదవకుండా, ఈసారి గోళం దగ్గర మొదలుపెట్టి పైకి రండి.