డబుల్ టచ్ కాళ్ల దగ్గరే మొదలవుతుంది

పోయిన సంక్రాంతికి మా మండలంలో జరిగిన వాలీబాల్ టోర్నమెంటులో రిఫరీ స్టాండు మీద ఉన్నాను. ఆఖరి సెట్టు, చెరి 13 పాయింట్లు. సర్వీసు అందుకున్న కుర్రాడి పాస్ నెట్ దాకా రాలేదు, మూడు మీటర్ల గీత మీదే దిగుతోంది. నెట్ పక్కనున్న లిఫ్టర్ పరుగున వెళ్లాడు గానీ బంతి కిందికి చేరలేకపోయాడు. ఎడమ భుజం మీదుగా చేతులు చాచి లేపాడు. బంతి పక్కకు మెలి తిరుగుతూ వెళ్లింది. నేను విజిల్ ఊది రెండు వేళ్లు చూపించాను.

ఆట అయిపోయాక ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. "సార్, రోజూ గోడకి రెండొందల బంతులు లేపుతాను. నా చేతుల్లో తప్పేముంది?" అన్నాడు. చేతుల్లో ఏమీ లేదు. ఆ తప్పు అంతకు ముందే, కాళ్ల దగ్గర జరిగిపోయింది.

అయినా ముందు చేతుల సంగతే చెప్పుకోవాలి. మన ఊళ్లలో లిఫ్టర్ అనీ బూస్టర్ అనీ పిలిచే సెట్టర్‌కి బంతి చేతిలో ఉండేది రెప్పపాటు కాలమే. అటక మీంచి ఎవరో గుమ్మడికాయ అందిస్తుంటే కింద నిలబడి చేతులెలా పెడతామో, సెట్టర్ చేతులు అలా ఉండాలి. వేళ్లు విడివిడిగా, కాస్త వంగి, గుండ్రంగా. మణికట్లు వెనక్కి వాలి, బొటనవేళ్లు మన కళ్ల వైపు తిరిగి ఉంటాయి. బంతి బరువును మోసేది బొటనవేళ్లు, చూపుడువేళ్లు, నడిమివేళ్లు. ఉంగరపువేలూ చిటికెనవేలూ బంతి పక్కకు జారకుండా ఆపుతాయి. అరచేతికి బంతి తగలకూడదు. తగిలితే చప్పుడొస్తుంది, బంతి ఆగినట్టవుతుంది.

బంతిని అందుకునే చోటు నుదుటికి కొంచెం పైన, కొంచెం ముందు. అంత దగ్గరగా అందుకుంటేనే మోచేతులు వంగి ఉంటాయి, చాచడానికి వాటికి చోటుంటుంది. బంతి తగలగానే వేళ్లు కాస్త లోపలికి ఇస్తాయి, వెంటనే మోకాళ్లు, మోచేతులు, మణికట్లు కలిసి చాచుకుంటాయి. 260 నుంచి 280 గ్రాములుండే బంతిని కోర్టు చివరిదాకా పంపే బలం వేళ్లకు ఉండదు, అది కాళ్ల నుంచి రావాలి. వేళ్లు బిగబట్టుకుంటే బంతి చేతుల మీంచి ఎగిరి పారిపోతుంది. మరీ వదులైనా, ఛాతీ దగ్గర అందుకున్నా బంతి చేతుల్లో నిలిచి హోల్డింగ్ అవుతుంది. అది వేరే తప్పు. దానికి రిఫరీ అరచెయ్యి పైకి పెట్టి ముంజేతిని నెమ్మదిగా లేపి చూపిస్తాడు.

డబుల్ టచ్ అంటే ఒకే ఆటగాడు బంతిని వెంటవెంటనే రెండుసార్లు కొట్టడం, లేదా బంతి అతని ఒంట్లో ఒక భాగం తర్వాత ఇంకో భాగానికి తగలడం. సెట్టర్ విషయంలో మామూలుగా జరిగేది రెండోదే. ఒక చెయ్యి ముందు, ఇంకో చెయ్యి తర్వాత. అయితే జట్టు తీసుకునే మొదటి బంతికి మినహాయింపుంది. సర్వీసునో స్మాష్‌నో అందుకునేటప్పుడు, ఒకే ప్రయత్నంలో అయితే, బంతి రెండు చేతులకు వేర్వేరుగా తగిలినా తప్పు కాదు. కాని అక్కడ కూడా బంతిని పట్టి విసిరితే తప్పే. సెట్టర్ తీసుకునేది సాధారణంగా రెండో బంతి కాబట్టి ఆ వెసులుబాటు అతనికి లేదు.

ఇక్కడ ప్రేక్షకులు, ఆటగాళ్లు కూడా పొరబడే విషయం ఒకటుంది. బంతి తిరిగితే డబుల్ టచ్ అని నియమాల్లో ఎక్కడా లేదు. తిరగడం అనుమానానికి కారణం కావచ్చు, రుజువు కాదు. రెండు చేతులూ ఒక్కసారే తగిలి, ఒక చెయ్యి కాస్త గట్టిగా తోసినా బంతి తిరుగుతుంది. చప్పుడూ రుజువు కాదు. లిఫ్టర్ పడుతూ లేస్తూ వికారంగా ఆడాడన్నదీ లెక్కలోకి రాదు. రిఫరీ చూడాల్సింది బంతికి వేళ్లు తగిలిన ఆ క్షణాన్నే. నేను ఆ రోజు విజిల్ ఊదింది, ఎడమ చెయ్యి తగిలాక కుడి చెయ్యి అందుకోవడం కళ్లారా చూశాను గనక.

అమెరికాలో మహిళల కాలేజీ వాలీబాల్‌లో 2024 నుంచి ఈ తగువే తీసేశారు. రెండో బంతిని తోటి ఆటగత్తెకే ఇస్తే ఒకే ప్రయత్నంలో ఒకటికి రెండుసార్లు తగిలినా పరవాలేదు, నెట్ అవతలికి పోతేనే తప్పు. రిఫరీకి పని తేలికవుతుంది, నిజమే. నాకు మాత్రం అది నచ్చలేదు. శుభ్రంగా లేపడానికి ఏళ్ల తరబడి కష్టపడిన లిఫ్టర్‌కీ, ఎలాగోలా లేపేవాడికీ తేడా లేకుండా పోతుంది.

ఇక ఆ కుర్రాడి కాళ్లు. సెట్టర్ మామూలుగా కుడి భుజం నెట్ వైపు పెట్టి, ఎడమ చివరి స్మాషర్ వైపు చూస్తూ నిలబడతాడు. మంచి పాస్ వచ్చినప్పుడు ఎడమ కాలు, ఆ తర్వాత కుడి కాలు నాటి ఆగుతాడు. కుడి పాదం అర అడుగు ముందుంటుంది. దాంతో నడుము కొంచెం మన కోర్టు వైపే తిరిగి, బంతి నెట్ దాటిపోదు. ఆ రోజు పాస్ అతని ఎడమ పక్కన, మూడు మీటర్ల దూరాన దిగింది. అతను చిన్న చిన్న అడుగులతో మొదలుపెట్టి, చివర్లో పెద్ద అంగలు వేశాడు. చెయ్యాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. మొదటి అంగలు పెద్దవి, చివరి రెండూ పొట్టివి.

పెద్ద అంగతో చేరినవాడు ఆగలేడు. ఒళ్లు ఇంకా ఎడమకు పోతోంది, బంతేమో కుడి వెనకనున్న స్మాషర్‌కి వెళ్లాలి. అంటే లేపుతూనే తిరగాలి. పైగా బంతి ఎడమ భుజం మీదుంది. ఎడమ చేతికి దగ్గర, కుడి చేతికి దూరం. మొహానికి అడ్డంగా చాచిన కుడి చెయ్యి ఆలస్యంగానే చేరుతుంది. అతని వేళ్లు ఎంత గుండ్రంగా ఉన్నా ఫలితం మారదు. గోడకి లేపే రెండొందల బంతులూ కాళ్లు కదలకుండా లేపినవే మరి!

మర్నాడు పొద్దున అతన్ని అదే చోట నిలబెట్టి పాస్‌లు విసిరాను. చేతులు ఎత్తొద్దన్నాను. పరుగెత్తి ఆగి ఊరికే నిలబడాలి, బంతి వచ్చి నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోట పడాలి. మొదటి ఐదు బంతులూ ఎడమ భుజానికో చెవికో తగిలాయి. చివరి రెండడుగులు కుదించి, ఎడమ కాలు నాటి, కుడి పాదాన్ని స్మాషర్ వైపు తిప్పమన్నాను. ఏడో బంతి నుదుటికి తగిలింది. "ఇప్పుడు చేతులెత్తు" అన్నాను. తర్వాతి బంతి మెలి లేకుండా లేచింది.

కాసేపాగి కావాలనే ఒక బంతిని గీతకు ఇంకా వెనక్కి, అందని చోట వేశాను. పరుగెత్తాడు, చేరలేనని ముందే గ్రహించాడు. వేళ్లు ఎత్తకుండా ముంజేతులు కలిపి కిందినుంచి లేపాడు. బంతి ఎత్తుగా వెళ్లి యాంటెన్నా దగ్గర దిగింది. "ఇలా లేపితే స్పీడుండదు కదా సార్" అన్నాడు. ఉండదు. స్మాషర్ కాస్త ఆగి కొట్టుకుంటాడు, అంతే.