దిద్దిన చేతికి వచ్చే చదువు

పేపర్లు మార్చుకుని దిద్దుకోవడం మన హైస్కూళ్లకు కొత్త కాదు. డిక్టేషన్ అవగానే పుస్తకాలు పక్కవాళ్లకిమ్మనడం, టీచర్ బోర్డు మీద జవాబులు రాయడం, ఆ తర్వాత ఒక్కొక్కరినీ లేపి ఎన్ని తప్పులో చెప్పించడం మనలో చాలామంది చూసిందే. దానివల్ల టీచరుకు కొంత పని తగ్గేది, అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు వ్యవహారం మారింది. ప్రోగ్రెస్ కార్డులో టీచర్ అంచనాతో పాటు విద్యార్థి తన గురించి తాను వేసుకున్న అంచనా, తోటి విద్యార్థుల అంచనా కూడా ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్లవాడు తోటివాడికి వేసే మార్కు న్యాయంగా ఉంటుందా అని తల్లిదండ్రులు అడగడం సహజం.

అమెరికాలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఓక్లహామా రాష్ట్రంలోని ఒవాసో పట్టణంలో పిల్లలు ఒకరి పేపర్ ఒకరు దిద్ది, వచ్చిన మార్కులు పైకి చదివేవారు. తన పిల్లల మార్కులు అలా అందరి ముందూ బయటపెట్టడం వాళ్ల వివరాల గోప్యతకు భంగమని ఒక తల్లి దావా వేసింది. టీచర్ తన రిజిస్టరులో ఎక్కించేదాకా ఆ పేపరు స్కూలు భద్రపరిచే రికార్డు కాదని, కాబట్టి చట్టం అడ్డురాదని 2002లో కోర్టు తీర్పిచ్చింది. తోటివారి పేపర్ దిద్దడం కూడా పాఠంలో భాగం కావచ్చని అభిప్రాయపడింది. చట్టం ప్రకారం అది సరే. కానీ తక్కువ మార్కులు వచ్చిన పిల్లను లేపి నలుగురిలో చెప్పించడం ఏ తీర్పు వచ్చినా మంచి పద్ధతి కాదు. పేరు బదులు నంబరు రాయించి, పేపర్లను వేరే సెక్షనులో దిద్దిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

మార్కుల న్యాయం సంగతి వేరు. దీని మీద ఫిలిప్ శాడ్లర్, ఎడీ గుడ్ అనే ఇద్దరు అమెరికాలో మిడిల్ స్కూల్ సైన్స్ తరగతుల్లో చేసిన పరిశీలన 2006లో వచ్చింది. ముందుగా తర్ఫీదు ఇచ్చి దిద్దిస్తే పిల్లలు వేసిన మార్కులూ టీచర్ వేసిన మార్కులూ చాలా దగ్గరగా వచ్చాయి. తేడా వచ్చిన చోట మాత్రం అది ఒక తీరుగా వచ్చింది. తోటివారివి దిద్దినప్పుడు బాగా రాసినవారికి టీచర్ కంటే కాస్త తక్కువ వేశారు. తమవి తాము దిద్దుకున్నప్పుడు సరిగా రాయనివారు కాస్త ఎక్కువ వేసుకున్నారు. రెండో దాన్ని నేను మోసం అనను. ఏది తప్పో తెలిస్తే ఆ తప్పు రాసి ఉండేవాడే కాదు కదా! తెలియనితనమే ఆ అదనపు మార్కును వేయిస్తుంది.

ఆ పరిశీలనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మరొకటి. వారం తర్వాత చెప్పకుండా అదే పరీక్ష మళ్లీ పెట్టారు. తమ పేపర్ తామే దిద్దుకున్నవారు బాగా మెరుగయ్యారు. ఇతరులవి దిద్దినవారిలో అంత మార్పు కనిపించలేదు. అంటే పక్కవాడి పేపర్ మీద మార్కు వేసినంత మాత్రాన చదువు రాదు. తన జవాబుకూ సరైన జవాబుకూ మధ్య ఉన్న ఎడం తనే కొలుచుకున్నప్పుడు వస్తుంది.

ఆ కొలత పిల్లలకు ఎలా నేర్పాలి? పదో తరగతి భౌతికశాస్త్రం ప్రశ్న ఒకటి తీసుకుందాం: నీటి గిన్నెలో అడుగున ఉన్న నాణెం పైకి లేచినట్టు ఎందుకు కనిపిస్తుంది? నాలుగు మార్కులు. ‘శాస్త్రీయ కారణానికి మూడు, పటానికి ఒకటి’ అని మాత్రమే చెప్పి దిద్దిస్తే గందరగోళమే. అందుకే టీచర్ ముందు తానే రెండు జవాబులు తయారుచేసి పేర్లు లేకుండా తరగతికి ఇవ్వాలి. మొదటిది ముత్యాల్లాంటి అక్షరాలతో, ‘వక్రీభవనం’ అనే మాట మూడుసార్లు వాడి, కారణం మాత్రం చెప్పకుండా ఉంటుంది. రెండోదాంట్లో దస్తూరి బాగోదు. ‘వెలుగు నీళ్లలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది, కంటికి ఆ సంగతి తెలీదు, తిన్నగా వచ్చిందనుకుంటుంది, అందుకే నాణెం పైన ఉన్నట్టు కనిపిస్తుంది’ అని ఉంటుంది. పటంలో బాణం గుర్తు మాత్రం కంటి నుంచి నాణేనికి గీసి ఉంటుంది.

తరగతిలో చాలామంది మొదటిదానికే ఎక్కువ వేస్తారు. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఎందుకు వేశారో చెప్పమంటే అక్షరాలు బాగున్నాయని, పుస్తకంలోని మాట ఉందని అంటారు. ఆ వాదనలోంచే ప్రమాణాలు పుట్టాలి. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కిరణం వంగుతుందని రాస్తే ఒక మార్కు. లంబానికి దూరంగా వంగుతుందని రాస్తే ఒకటి. కిరణం తిన్నగా వచ్చిందని కన్ను భావించడం వల్ల నాణెం పైన కనిపిస్తుందంటే ఒకటి. నాణెం నుంచి కంటికి బాణం గీసిన పటానికి ఒకటి. ఈ లెక్కన రెండో జవాబుకు రెండు మార్కులు. మొదటిదానికి సున్నా. ‘వక్రీభవనం అని రాశాడు కదా సార్, ఒక్కటైనా వెయ్యరా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. వెయ్యాలా వద్దా అన్నది తరగతి అంతా తేల్చుకోవాలి, తేల్చుకున్నది బోర్డు మీదకు ఎక్కాలి. ఇదంతా కనీసం రెండు పీరియడ్ల పని. సిలబస్ అవడం లేదని ఈ రెండు పీరియడ్లను ఎగ్గొట్టేవాళ్లు ఆ తర్వాత పిల్లలకు మార్కులు వేయడం రాదని నిందిస్తే అర్థం లేదు.

దిద్దడం అయ్యాక నలభై పేపర్లలో ఓ ఆరింటిని టీచర్ మళ్లీ దిద్ది చూడాలి. ఒకే జవాబుకు రెండు మార్కుల తేడా వస్తే ప్రమాణంలో ఏదో మాట అస్పష్టంగా ఉన్నట్టు. అందరికీ మూడే వస్తే పిల్లలు చదవకుండా వేసినట్టు. ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు నాలుగేసి వేసుకుంటే సంగతి చెప్పనక్కర్లేదు.

మరి తోటివారితో దిద్దించడం వృథానా? మార్కుకు బదులు మాట రాయిస్తే కాదు. అయితే దానికీ తర్ఫీదు కావాలి. న్యూజిలాండ్ పరిశోధకుడు గ్రాహం నటల్ పిల్లలకు చిన్న మైకులు తగిలించి తరగతిలో వాళ్ల మాటలు రికార్డు చేశాడు. చదువు గురించి పిల్లలకు అందే స్పందనలో అధికభాగం తోటి పిల్లల నుంచే వస్తోందని, అందులో చాలామటుకు తప్పేనని తేలింది. టీచర్ అనుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారన్నమాట. అదేదో సరిగ్గా చెప్పుకోవడం నేర్పడమే మేలు. ‘బాగుంది’, ‘ఇంకా కష్టపడాలి’ లాంటివి పనికిరావు. ‘బాణం నాణెం దగ్గర మొదలవ్వాలి, నువ్వు తిరగేశావు’ అన్నది పనికొస్తుంది. అది చదివి, అదే పీరియడులో పటం మళ్లీ గీసే పది నిమిషాలు కూడా ఇవ్వాలి. లేకపోతే రాసిన మాట పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇక ప్రోగ్రెస్ కార్డు. పిల్లలు వేసిన మార్కును అక్కడ మొత్తంలో కలపకూడదన్నది నా అభిప్రాయం. మార్కు లెక్కలోకి వస్తుందని తెలిసిన మరుక్షణం స్నేహాలు, పోటీలు, ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నవి పెన్సిల్లోకి దిగుతాయి. తన బలహీనత తనే ఒప్పుకున్న పిల్ల నష్టపోతుంది, గొప్పలు పోయినవాడు లాభపడతాడు. కార్డులో ఆ గడి తప్పనిసరైతే అంకె కాకుండా ఒక వాక్యం రాయించవచ్చు: ఈ నెల ఏ ప్రశ్న మళ్లీ రాశాను, మొదట ఎక్కడ తప్పాను.

ఫలితం ఉందో లేదో తెలుసుకోవడానికి వారం ఆగి చెప్పకుండా ఒక ప్రశ్న ఇస్తే చాలు. నాణెం మళ్లీ ఇస్తే కంఠస్థం చేసినవాళ్లూ గట్టెక్కుతారు. అందుకని చెరువు గట్టు మీంచి ఈటెతో చేపను పొడవాలంటే, కనిపించిన చోటికి గురిపెట్టాలా, పైకా, కిందికా అని అడగాలి. కిందికి అని రాసి, పటంలో బాణాన్ని చేప దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఎందరో లెక్కపెట్టుకుని, రిజిస్టరులో వాళ్ల పక్కన టిక్కు పెట్టుకోవచ్చు.