ఆ మెయిల్‌బాక్స్ ఎవరిది?

"జతపరచిన జాబితాలోని షేర్డ్ మెయిల్‌బాక్సులను, 180 రోజులుగా వాడకంలో లేని ఖాతాలను సెప్టెంబరు 30న తొలగిస్తున్నాం. వీటిలో ఏదైనా మీ విభాగానికి అవసరమైతే 15వ తేదీలోగా తెలపగలరు. జవాబు రాకపోతే అవసరం లేదని భావిస్తాం."

ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్లకు ఐటీ మేనేజర్ దగ్గర్నుంచి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ వస్తుంది. చాలామంది సబ్జెక్ట్ చదివి ఊరుకుంటారు. జతచేసిన ఎక్సెల్ షీటు తెరిచేవాళ్లు తక్కువ. ఎవరూ జవాబివ్వరు, తేదీ వస్తుంది, ఖాతాలు పోతాయి. సాధారణంగా ఏమీ కాదు. అయ్యేదేదో అయినప్పుడు మాత్రం నెలల తర్వాత, ఎవరూ ఊహించని చోట బయటపడుతుంది.

ఐటీ మేనేజర్‌కు ఈ శుభ్రం చేసే పని ఎందుకో ముందు చెప్పుకోవాలి. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు చేరవేసే కలోనియల్ పైప్‌లైన్ కొన్ని రోజులు ఆగిపోయింది. దొంగలు లోపలికి వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారా. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా, ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కన దాదాపు 44 లక్షల డాలర్లు, చెల్లించుకుంది. వాడే ఖాతాలో తేడా వస్తే దాని యజమాని గమనిస్తాడు. వదిలేసిన ఖాతాలో ఎవరు తిరుగుతున్నా అడిగేవాడుండడు. కాబట్టి తొలగించాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. సందేహమల్లా వాడకంలో లేదని తేల్చే పద్ధతి మీదే.

ఉద్యోగం మానేసిన మనిషి ఖాతా సంగతి తేలిక. చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో సిస్టమ్ చూపిస్తుంది, హెచ్‌ఆర్ రికార్డుతో సరిచూసుకుంటే సరిపోతుంది. చిక్కంతా షేర్డ్ మెయిల్‌బాక్స్‌తోనే. accounts@, purchase@ లాంటి చిరునామాలకు వచ్చే మెయిళ్లను విభాగంలో నలుగురూ చూసేందుకు పెట్టుకునేది అది. మైక్రోసాఫ్ట్ 365లో దాన్ని తెరవడానికి ఎవరూ విడిగా లాగిన్ కారు. తమ సొంత ఖాతాతో లోపలికి వెళ్లి, తమకిచ్చిన అనుమతితో దాన్ని చూస్తారు. అందుకే రోజూ వందమార్లు తెరిచిన పెట్టె కూడా లాగిన్ రిపోర్టులో ఏళ్లుగా ఎవరూ ముట్టుకోనట్టే కనిపించవచ్చు. ఆ రిపోర్టు ఒక్కటే చూసి జాబితా తయారుచేస్తే పొరపాటు అక్కడే మొదలవుతుంది.

అనుభవమున్న మేనేజర్ మెసేజ్ ట్రేస్ కూడా తీస్తాడు. ఆ చిరునామాకు మెయిళ్లు వస్తున్నాయా, ఎక్కడి నుంచి, అక్కడి నుంచి ఏమైనా పోతున్నాయా అన్నది అందులో తెలుస్తుంది. స్కానర్ పంపే కాగితాలు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే రసీదులు ఇక్కడే బయటపడతాయి. అయితే ఆ ట్రేస్ వెనక్కి 90 రోజుల వరకే చూపిస్తుంది. ఏడాదికి ఒకసారి వచ్చే మెయిల్ అందులో కనబడదు.

విజయవాడలో 200 మంది పనిచేసే మందుల పంపిణీ సంస్థ ఒకటి ఉందనుకుందాం. పదేళ్ల కిందట వెబ్‌సైట్ పెట్టుకున్నప్పుడు డొమైన్ పేరును accounts@ చిరునామాతో రిజిస్టర్ చేశారు. తర్వాత అకౌంట్స్ విభాగం కొత్త చిరునామాకు మారింది, పాతది అలాగే ఉండిపోయింది. సెప్టెంబరు 30న దాన్ని తొలగించారు. మైక్రోసాఫ్ట్ 365లో తొలగించిన మెయిల్‌బాక్స్‌ను 30 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. అంటే అక్టోబరు 30 దాకా అవకాశం. డొమైన్ గడువేమో జనవరి 20న తీరుతుంది. .com లాంటి పేర్లకు రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయాలన్నది నిబంధన. డిసెంబరులో ఆ మెయిల్ వచ్చేసరికి చిరునామా లేదు. 'గ్రహీత దొరకలేదు' అంటూ 550 5.1.10 సంకేతంతో అది పంపినవాళ్లకే తిరిగిపోతుంది, కంపెనీలో ఎవరికీ తెలియదు. పాత కార్డు గడువు తీరి చెల్లింపు ఆటోమేటిక్‌గా జరగకపోతే డొమైన్ ఆగిపోతుంది. దాంతోపాటు వెబ్‌సైటూ, ఆ పేరు మీదున్న 200 మంది మెయిళ్లూ ఆగుతాయి. కొంతకాలం అదనపు రుసుము కట్టి తిరిగి తీసుకోవచ్చు. అదీ దాటిందా, ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లు అదే accounts@ను మళ్లీ సృష్టించి, దానికి వచ్చే పాస్‌వర్డ్ రీసెట్ లింకులను అందుకోగలరు.

అదే చిరునామా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌లో ఉంటే ఇంకో ఇబ్బంది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు పంపడం కూడా నోటీసు అందజేసే పద్ధతుల్లో ఒకటని సీజీఎస్‌టీ చట్టం 169వ సెక్షన్ చెబుతోంది. మెయిల్‌బాక్స్ మేమే తీసేశాం, అందుకే చూడలేదని చెప్పి తప్పించుకోవడం కష్టం. పాత మెయిళ్లలో ఉన్న బిల్లుల సంగతీ అంతే. కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను, వాటికి సంబంధించిన వోచర్లతో సహా, 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. పెట్టె తీసేసేముందు అందులోని బిల్లులను బయటికి తీసి భద్రపరచాల్సిందే.

మరి మేనేజర్ ఏం చేయాలి? నా దృష్టిలో నోటీసులో ఒక తేదీ సరిపోదు, రెండు ఉండాలి. మొదటిది ఆపే తేదీ, రెండోది తీసేసే తేదీ. ఆపడంలోనూ ఒక కిటుకుంది. షేర్డ్ మెయిల్‌బాక్స్ లాగిన్‌ను బ్లాక్ చేయడం మంచిదే, భద్రత కోసం అది ఎప్పుడూ బ్లాక్ అయ్యే ఉండాలి. కానీ సిబ్బంది తమ ఖాతాతో చూస్తారు కాబట్టి దానివల్ల ఎవరికీ ఏ అడ్డూ రాదు, పరీక్ష జరిగినట్టూ కాదు. సిబ్బందికిచ్చిన అనుమతులను తీసేసి, మెయిళ్లు రావడం మాత్రం ఆపకుండా ఉంచాలి. కావలసినవాళ్లు ఆ రోజే ఫోన్ చేస్తారు. ఈలోపు వచ్చిన మెయిల్ ఒక్కటీ పోదు. ఐటీవాళ్లు దీన్ని స్క్రీమ్ టెస్ట్ అంటారు. నెల రోజులు ఎవరూ అడగకపోతే అప్పుడు తీసేయవచ్చు. మొదటి నోటీసు నుంచి చివరి తేదీకి ఒక త్రైమాసికమైనా గడువుంటే మూడు నెలలకోసారి జరిగే పనులు కూడా మధ్యలో బయటపడతాయి.

ఏడాదికోసారి వచ్చే మెయిల్ మాత్రం ఈ జల్లెడలో కూడా పడదు. దాన్ని పట్టుకోగలిగింది మనుషులే. అకౌంట్స్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్న గుమస్తాకు, వెబ్‌సైట్ పని చూసిన పాత ఉద్యోగికి తెలిసింది ఏ రిపోర్టులోనూ ఉండదు. 'జవాబు రాకపోతే అవసరం లేదని భావిస్తాం' అన్న వాక్యాన్ని నోటీసులోంచి తీసేయాలని నేనంటాను. ప్రతి పెట్టెకూ ఒక విభాగాధిపతి పేరు రాసి, తీసేయండి అని ఆయన రాతపూర్వకంగా చెప్పాకే తీసేయాలి. పని పెరుగుతుంది, నిజమే. జాబితాలో నలభై పెట్టెలుంటే నలభై జవాబులు రాబట్టాలి. డొమైన్ పోగొట్టుకున్న కంపెనీ పడే పాట్లతో పోలిస్తే అది రెండు రోజుల పని.

ఈసారి అలాంటి నోటీసు వస్తే ఎక్సెల్ షీటు తెరవండి. మీ విభాగం పేరున్న ప్రతి చిరునామా చూడండి. డొమైన్, జీఎస్‌టీ, బ్యాంకు, కరెంటు బిల్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, వీటిలో ఏది ఆ చిరునామాతో రిజిస్టరయిందో మీ పాతవాళ్లను అడగండి. ఏదైనా ఉంటే ముందు అక్కడ కొత్త చిరునామా మార్పించండి, ఆ తర్వాతే తీసేయమని రాయండి. మీకు అవసరం లేకపోయినా సరే, ఆ మాటే రాసి జవాబివ్వండి.