లక్క గాజుల కథలోనే సైజూ ఉంది

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో గాజులు కొనేవాళ్లకు ఎవరూ ఏ వివరణా రాసి ఇవ్వక్కర్లేదు. దుకాణదారు మన చేయి చూసి సైజు చెప్పేస్తాడు. ఎక్కకపోతే మరో జత తీస్తాడు. గాజును చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది, గోటితో తడిమితే రాయి గట్టిగా కూర్చుందో లేదో తెలుస్తుంది. అవే గాజులు ఫోన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు మనకు దక్కేవి నాలుగు ఫొటోలు, కింద పది వాక్యాలు. దుకాణంలో చేయీ కన్నూ చేసిన పనంతా ఆ పది వాక్యాలే చేయాలి.

చాలా పోస్టుల్లో ఆ వాక్యాలు ఎలా ఉంటున్నాయి? ‘తరతరాల కళ’, ‘ప్రేమగా, ఓపికగా చేత్తో చేసినవి’, ‘ప్రతి గాజులో ఒక కథ’. చివర్లో ‘సైజు, ఇతర వివరాలకు మెసేజ్ చేయండి’. చేత్తో నగలు చేసి అమ్మే వాళ్లలో చాలామందికి మిల్లీమీటర్లు, గ్రాములు రాస్తే కథ అందం చెడుతుందన్న భయం ఉంది. లక్క గాజుల విషయంలో ఆ భయం అనవసరం. కుంపటి దగ్గర ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పుకుంటూ పోతే ఏ పదార్థంతో చేశారో, ఏ సైజుకు చేశారో, ఎలా కాపాడుకోవాలో దారిలోనే వచ్చేస్తాయి. అవి లేని కథ ఏ నగకైనా అతికే కథే.

లక్క ఒక చిన్న పురుగు ఇచ్చే జిగురు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద ఆ పురుగులు గుంపుగా చేరి, తమ చుట్టూ ఈ జిగురును గూడులా కట్టుకుంటాయి. మన దేశంలో ఇది ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. కొమ్మల నుంచి గీకి, దంచి, కడిగి, కరిగించి వడకడితే నగలకు పనికొచ్చే లక్క తయారవుతుంది. గాజుల పనిలో దాన్ని ఉత్తగా వాడరు. గట్టిదనం కోసం మెత్తటి రాతిపొడి లాంటిదీ, కావలసిన రంగూ కలిపి, నిప్పుల సెగ మీద ముద్దలా పిసుకుతారు. ముద్దను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, రెండు కొసలనూ వేడి మీదే అతికిస్తారు. కొన్ని రకాలకు లోపల లోహపు రింగు ఉంటుంది, లక్క దాని మీద కూర్చుంటుంది. ఒక చివర సన్నగా, మరో చివర లావుగా ఉండే గుండ్రటి కర్రకు గాజును తొడిగి, ఏ సైజు కావాలో అక్కడిదాకా జరిపి గుండ్రం సరిచేస్తారు. లక్క ఇంకా మెత్తగా ఉండగానే రాళ్లను, అద్దాలను ఒక్కొక్కటిగా తీసి వాటి చోట్లలో నొక్కుతారు. చల్లారితే లక్క బిగుసుకుని రాయిని పట్టుకుంటుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది ఈ చేతిపనికే.

ఇందులో కొనేవాళ్లకు పనికొచ్చే విషయాలు ఎన్ని దొర్లాయో చూడండి. రాయిని వేడితో నిలబెట్టారంటే, వేడి తగిలితే అది మళ్లీ ఊడుతుందని అర్థం. కర్ర మీద గుండ్రం చేశారంటే సైజు ఖాయం, తర్వాత వంచి పెద్దది చేయడం కుదరదు. లోపల లోహం ఉందంటే అది ఒంటికి తగిలే లోహమేనా అన్న ప్రశ్న వస్తుంది.

ముందు సైజు సంగతి చూద్దాం. వచ్చిన గాజులు చేతికి ఎక్కకపోవడానికి చాలాసార్లు కారణం ఒక చుక్క. గాజుల సైజులు 2.2, 2.4, 2.6, 2.8, 2.10 అని రాస్తారు. ఇవి దశాంశాలు కావు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. పదహారు అణాలకు రూపాయి అయిన కాలపు లెక్క ఇది. గాజుల అంగట్లో ‘రెండు నాలుగు’ అంటారు తప్ప ‘రెండు పాయింట్ నాలుగు’ అనరు. అందుకే అక్కడ పొరపాటు జరగదు. అంటే 2.4 గాజు లోపలి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. 2.10 అంటే 2.1 కాదు, దాదాపు 67 మిల్లీమీటర్లు, ఈ వరసలో అన్నిటికంటే పెద్దది.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగమ్మాయి తన పాత గాజును స్కేలు మీద పెట్టి కొలిచిందనుకుందాం. రెండు అంగుళాల మీద దశాంశం నాలుగు వచ్చింది, అంటే 61 మిల్లీమీటర్లు. పోస్టులో 2.4 కనిపించింది, అదే ఆర్డర్ చేసింది. ఇంటికి వచ్చేది 57 మిల్లీమీటర్ల గాజు. నాలుగు మిల్లీమీటర్ల తేడా బొటనవేలి మొదట్లో దాటదు. ఆమె కొలిచినదానికి దగ్గరగా ఉన్నది నిజానికి 2.6. అమ్మినవాళ్లు అబద్ధం ఆడలేదు, కొన్నవాళ్లు తప్పు కొలవలేదు. సైజు పక్కన ‘లోపలి అడ్డుకొలత 57 మి.మీ.’ అన్న నాలుగు మాటలు లేకపోవడమే నష్టం. చుక్క బదులు అడ్డగీత పెట్టి 2-4 అని రాసినా సగం అయోమయం తీరుతుంది.

వెడల్పు కూడా రాయాలి. సన్నటి గాజును ఏటవాలుగా తిప్పుతూ పిడికిలి దాటించవచ్చు. వేలెడు వెడల్పున్న లక్క గాజు అలా వంగి రాదు, నేరుగానే దాటాలి. అందుకే మామూలుగా 2-4 మట్టిగాజులు వేసుకునే చేతికి వెడల్పు లక్క గాజు 2-6 కావలసి రావచ్చు. ఈ సలహా అమ్మేవాళ్లే రాయాలి, ఎందుకంటే అది కొనేవాళ్లకు తోచేది కాదు. ఇంట్లో సరిపోయే గాజు లేనివాళ్లు బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, చేయి బాగా వెడల్పుగా ఉన్న చోట చుట్టూ టేపు చుట్టి, వచ్చిన కొలతను 3.14తో భాగిస్తే సరి. 19 సెంటీమీటర్లు వస్తే లోపలి అడ్డుకొలత 60 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఆ చేతికి సన్న గాజు 2-6 బిగుతుగా ఎక్కుతుంది, వెడల్పుదైతే 2-8 తీసుకోవడం మేలు.

పదార్థం విషయంలో దాపరికం ఎక్కువగా రెండు మాటల చాటున జరుగుతుంది: ‘లక్క’, ‘కుందన్’. లక్క పేరుతో ప్లాస్టిక్ రెసిన్ గాజులు కూడా అమ్ముడవుతున్నాయి. అవి చెడ్డవని కాదు, నీళ్లకు కొంత బాగానే ఆగుతాయి. కానీ వాటిని రెసిన్ అనే చెప్పాలి. లక్కలో ఏ పొడి కలిపారో కూడా ఒక ముక్క చెబితే గౌరవం తగ్గదు, ఎందుకంటే అది కల్తీ కాదు, పని తీరే అంత. ఇక కుందన్ అసలు అర్థంలో మేలిమి బంగారపు రేకుతో రాయిని బిగించే పని. గాజుల మీద ఆ పేరుతో అమ్మేవి చాలావరకు వెనక మెరుపు పూత ఉన్న అద్దపు రాళ్లు. ‘అద్దపు రాళ్లు, వెనక పూత ఉంది’ అని రాస్తే కొనేవాళ్లకు ధర ఎందుకు అంతో అర్థమవుతుంది, తడి తగిలితే పూత నల్లబడుతుందనీ ముందే తెలుస్తుంది. లోపలి రింగు ఇత్తడిదైతే చెమటకు చేతి మీద పచ్చటి మరక పడవచ్చు. లోహం పడని చర్మం ఉన్నవాళ్లకు ఆ ఒక్క మాట చాలా అవసరం. లక్క పురుగు నుంచి వచ్చేదని చెబితే, జీవాల నుంచి వచ్చినవి వాడకూడదనుకునేవాళ్లు తమ నిర్ణయం తాము తీసుకుంటారు.

కాపాడుకునే తీరును చాలామంది ‘జాగ్రత్తగా వాడండి’ అని సరిపెట్టేస్తారు. దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. లక్కకు పడనివి ఏవో, ఎందుకు పడవో స్పష్టంగా చెప్పవచ్చు. లక్క దాదాపు 65, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఏప్రిల్ ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడికి చేరువగా వెళ్తుంది. పొయ్యి సెగ, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ గాలి కూడా అంతే. రెండోది ఆల్కహాల్. చెక్క సామాన్లకు పాలిష్ వేసే పనివాళ్లు లక్కను స్పిరిట్‌లోనే కరిగిస్తారు. సెంటులోనూ శానిటైజర్‌లోనూ ఉన్నది అలాంటి ఆల్కహాలే. శానిటైజర్ రాసుకున్న తడిచేతితో గాజు తొడిగితే పైమెరుపు జిడ్డుగా, మసకగా మారుతుంది. మూడోది సబ్బు నీళ్లు. క్షారం లక్కను కొద్దికొద్దిగా తినేస్తుంది, నీళ్లు ఎక్కువసేపు నిలిస్తే తెల్లటి మచ్చలు వస్తాయి. కారణం తెలిసినవాళ్లు అంట్లు తోమే ముందు గాజులు తీసి పక్కన పెడతారు.

ఇవన్నీ పెడితే పోస్టు చేంతాడంత అవుతుందని అనుకుంటారేమో. ఒక జతకు ఇలా రాయవచ్చు:

‘ముదురు ఆకుపచ్చ లక్క గాజుల జత. రాతిపొడి, రంగు కలిపిన లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, ఇత్తడి రింగు మీద పరిచి, వేడి తగ్గకముందే అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా పొదిగారు. రాళ్లు చేత్తో పెట్టినవి కాబట్టి వరస అక్కడక్కడ వెంట్రుకవాసి జరిగి కనిపిస్తుంది. సైజు 2-6, లోపలి అడ్డుకొలత 60 మి.మీ. వెడల్పు 12 మి.మీ., జత బరువు 50 గ్రాములు. వెడల్పు గాజు కాబట్టి మీ మామూలు సైజు కంటే ఒకటి పెద్దది తీసుకోండి. చేతికి తగిలేది ఇత్తడి. రాళ్లను వేడితో నిలబెట్టాం కనుక ఎండలో, కారులో వదలకండి. సెంటు, శానిటైజర్ ఆరాకే తొడగండి. నీళ్లలో ముంచకండి, పొడి మెత్తటి గుడ్డతో తుడవండి.’

డెబ్బై అయిదు మాటలు. కథ ఇందులో పూర్తిగా ఉంది. గాజులు అమ్మేవాళ్లు స్వయంగా చేసినవి కాకపోతే ‘ఫలానా ఊరి కారిగరు దగ్గర చేయించాం’ అని రాయాలి, పేరు పెట్టాలనుకుంటే ఆ మనిషిని అడిగి పెట్టాలి. వేరే చోట చేసినవాటిని హైదరాబాద్ లక్క గాజులని పిలవకూడదు. జైపూర్ లక్క గాజులకు తమ ఊరి పేరే చాలినంత గొప్పది.

2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు కూడా, ప్రకటనలో చెప్పిన గుణాలు వస్తువులో ఉండాలనే అంటున్నాయి. చెప్పినట్టు లేని వస్తువును అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదు. కాబట్టి రాళ్ల వరస జరగడం, రెండు గాజుల రంగులో పిసరంత తేడా లాంటివి ముందే రాసుకోవడం చేసేవాళ్లకే రక్షణ. చేతిపనికి సహజమైన తేడా ఏదో, లోపం ఏదో ముందే గీత గీసినట్టవుతుంది. రాయి ఊడటం, అతుకు విడటం, రింగు బయటపడటం లోపాలే, వాటిని ‘చేతిపని కదా’ అని దాటేయకూడదు.

ఫొటోల్లో ఒకటి తప్పనిసరిగా గాజును స్కేలు మీద పెట్టి, పైనుంచి నిటారుగా తీసినదై ఉండాలి. పక్కవాటుగా తీస్తే కొలత తప్పు కనిపిస్తుంది. మరొకటి పగటి వెలుగులో, లోపలి వైపు కనిపించేలా తీయాలి. పార్శిల్‌లో రెండు మూడు అదే రకం రాళ్లు చిన్న కాగితం పొట్లంలో పెట్టి, ‘రాయి ఊడితే ఏ లక్క గాజుల కారిగరైనా వేడి చేసి తిరిగి కూర్చోబెట్టగలరు, ఇంట్లో జిగురు పూయకండి’ అని రాసి పంపితే మంచిది. జిగురు గుంటలో గట్టిపడితే ఆ చోట లక్క రాయిని మళ్లీ పట్టుకోదు. అప్పుడు కారిగరు ముందు దాన్ని గీకి తీయాలి, ఆ గీకుడులో పక్క రాళ్లు కూడా కదులుతాయి.