ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద చోటు తక్కువ: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి అర్ధరాత్రి ఓఆర్‌ఎస్ కలుపుతున్న తల్లి చేతిలో అరచేతికన్నా చిన్న ప్యాకెట్ ఉంటుంది. పొడి 4.1 గ్రాములు. దాన్ని 200 మిల్లీలీటర్ల నీటిలో కలపాలి. ఆ విషయం ఆమెకు చెప్పేది ప్యాకెట్ మీది అక్షరాలే. వాటిని ఎంత కుదించవచ్చు, ఎక్కడ ఆపాలి అన్నది పైకి అచ్చుపనికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. లోపలికి వెళితే అది శరీరంలో ఉప్పు, నీరు కదిలే తీరుతో ముడిపడిన ప్రశ్న.

ముందు చోటు లెక్క చూద్దాం. ప్యాకెట్ 7 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం. నాలుగు వైపులా అతుకు కోసం 8 మిల్లీమీటర్లు వదిలితే ఒక ముఖం మీద మిగిలేది 5.4 × 7.4 సెంటీమీటర్లు. తెలుగు లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఎడం కావాలి. వరుసకు 4 మిల్లీమీటర్లు, అక్షరానికి సుమారు 2.4 మిల్లీమీటర్లు చొప్పున లెక్కేస్తే ఒక ముఖం మీద 18 వరుసలు, వరుసకు 22 అక్షరాలు. అంటే మొత్తం నాలుగు వందల లోపే. పేరు పెద్దగా వేస్తే అందులోనూ కొంత పోతుంది. ఒత్తులు ఒకదానికొకటి తగిలేలా వరుసలను దగ్గరకు లాగడం చాలామంది చేసే మొదటి తప్పు. అలా చేస్తే మాటలు చోటులో పడతాయి కానీ కంటికి అందవు.

కుదింపులో పేరు జోలికి వెళ్లకూడదు. ఓఆర్‌ఎస్ మన దేశంలో ఔషధం కిందికి వస్తుంది. అసలు పేరు ‘ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్’ స్పష్టంగా కనిపించాలి. పేరు, చిన్నక్షరాల సవరణ పరస్పరం విరుద్ధంగా ఉంటే ఏమవుతుందో ఇటీవలే చూశాం. పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉన్న కొన్ని తీపి పానీయాలు, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అన్న ఒక వాక్యం జోడించి అమ్ముకోవడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీలు కల్పించింది. కొనేవారికి కనిపించింది పెద్దక్షరాల పేరే. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆ సంస్థ ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. పెద్దక్షరాలు చెప్పిన అబద్ధాన్ని చిన్నక్షరాలు దిద్దలేవు.

ఇక ప్రయోజనం. చోటు చాలదని దీన్ని ‘విరేచనాలకు మందు’ అని రెండు ముక్కల్లో తేల్చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది పొట్టిగానే ఉంటుంది, కానీ తప్పు. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. వాటితో పోయిన నీటిని, లవణాలను తిరిగి చేరుస్తుంది. చిన్నపేగు గోడలోని ఒక ప్రొటీన్ ఒక్కో గ్లూకోజ్ అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వెళుతుంది. విరేచనాలు అవుతున్నా చాలావరకు ఈ దారి మూసుకుపోదు. ‘మందు’ అని చదివిన తల్లి రెండుసార్లు తాగించి, విరేచనాలు ఆగలేదని మానేస్తే నష్టం బిడ్డకే. అందుకే ‘విరేచనాల్లో పోయిన నీటిని, లవణాలను తిరిగి అందిస్తుంది’ అన్న వాక్యానికి ఒకటిన్నర వరుస ఎక్కువైనా ఇచ్చి తీరాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా కుదించాల్సింది వాడే విధానం. ప్యాకెట్ మొత్తాన్ని 200 మిల్లీలీటర్లలో కలిపితే లీటరు లెక్కన 75 మిల్లీమోల్స్ సోడియం, అంతే గ్లూకోజ్ ఉంటాయి. కరిగిన కణాల మొత్తం గాఢత 245. రక్తంలో అది సుమారు 290 కాబట్టి నీరు పేగు నుంచి రక్తం వైపు సులువుగా కదులుతుంది. ఇప్పుడు ‘200 మి.లీ.’ తీసేసి ‘ఒక గ్లాసు’ అని రాశారనుకుందాం. కొలత చిన్నదైంది, మాట కూడా ఇంట్లో వాడేదే. కానీ ఏ గ్లాసు? వంద మిల్లీలీటర్ల టీ గ్లాసులో కలిపితే గాఢత 490 అవుతుంది. అప్పుడు నీరు ఎదురు దిశలో, శరీరం నుంచి పేగులోకి వస్తుంది. విరేచనం పెరుగుతుంది, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. పైగా బజారులో లీటరు నీటికి సరిపడే 20.5 గ్రాముల ప్యాకెట్లూ ఉన్నాయి. దాన్ని గ్లాసులో కలిపితే ద్రావణం అయిదు రెట్లు చిక్కన. చిన్న ప్యాకెట్‌ను లీటరులో కలిపితే అయిదు రెట్లు పలుచన. బిడ్డ తాగుతూనే ఉంటాడు, లవణాలు మాత్రం చాలవు. కాబట్టి నీటి కొలత వెనకవైపు సూచనల్లో కలిసిపోకూడదు, ముందువైపు పేరు కిందే పెద్దగా ఉండాలి. ‘మొత్తం’ అన్న మాట కూడా అంతే. అది లేకపోతే చిన్న బిడ్డకు సగం పొడి చాలనుకునేవారు ఉంటారు.

తయారీదారు ఇచ్చే ముసాయిదా సాధారణంగా ఇలా మొదలవుతుంది: ‘అత్యున్నత నాణ్యతా ప్రమాణాలతో రూపొందిన ఈ పొడిని పరిశుభ్రమైన, కాచి చల్లార్చిన 200 మి.లీ. తాగునీటిలో పూర్తిగా వేసి, బాగా కరిగేవరకు కలిపి, రోగికి తరచుగా కొద్దికొద్దిగా తాగించవలసిందిగా సూచించడమైనది.’ ఇందులో నాణ్యత గురించిన పొగడ్త, ‘సూచించడమైనది’ వంటి తోక ముందు పోవాలి. మిగిలేది ఇది:

‘ప్యాకెట్ మొత్తం 200 మి.లీ. శుభ్రమైన తాగునీటిలో కలపండి. చక్కెర, పాలు, పళ్లరసం కలపవద్దు. కొద్దికొద్దిగా తాగించండి. ప్రతి విరేచనం తర్వాత మళ్లీ ఇవ్వండి. 24 గంటలు దాటితే పారబోయండి. మలంలో రక్తం, మగత, తాగలేకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.’

‘కాచి చల్లార్చిన’ అన్న మాటను కూడా వదిలాం. కాచే వీలు లేని ఇంట్లో ఆ మాట చూసి కలపడమే వాయిదా వేసే ప్రమాదం ఉంది. ఇది వాదించదగ్గ నిర్ణయమే. నీటి శుభ్రతపై అనుమానం ఉన్న ప్రాంతాల్లో కొందరు దాన్ని ఉంచుతారు.

చట్టం అడిగే వివరాలకు పదాల ఎంపిక తక్కువ, అమరికే ఎక్కువ. ఏ లవణం ఎంత, నికర బరువు, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ సంఖ్య ముందే అచ్చవుతాయి. సోడియం క్లోరైడ్ 0.52, పొటాషియం క్లోరైడ్ 0.30, సోడియం సిట్రేట్ 0.58, గ్లూకోజ్ 2.7 గ్రాములు అని నాలుగు పొట్టి వరుసల్లో వేస్తే కూడిక 4.1కి సరిపోతోందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, ధర మాత్రం ప్యాకింగ్ యంత్రం మీద తర్వాత పడతాయి. వాటికి రంగు లేని ఖాళీ గడి ఉంచాలి. మాటలు మిగిలాయని ఆ గడిలోకి జరిపితే గడువు తేదీ వాటి మీద అచ్చయి, రెండూ చదవలేని స్థితి వస్తుంది.

కుదింపు సరిగా వచ్చిందా అని తెలుసుకోవడానికి ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. దానికి బదులు ఓఆర్‌ఎస్ ఎప్పుడూ కలపని ఒకరికి ప్యాకెట్, ఒక చెంబు నీళ్లు, మూడు వేర్వేరు సైజుల గ్లాసులు, గీతలున్న ఒక కొలపాత్ర ఇచ్చి కలపమనాలి. ఎవరూ ఏమీ చెప్పకూడదు. కలిపాక ద్రావణాన్ని కొలవాలి, ప్యాకెట్‌లో పొడి మిగిలిందేమో దులిపి చూడాలి. కొలపాత్రను వదిలేసి చేతికందిన గ్లాసు తీసుకున్నవారు ఎక్కువగా ఉంటే, ముందువైపున్న ‘200 మి.లీ.’ ఇంకా చిన్నగానే ఉందన్నమాట.