ఆసనాల వరుస ఎవరి సొత్తు?

కోల్‌కతాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన బిక్రమ్ చౌదరి 1979లో ఒక యోగా పుస్తకం వేశారు. అందులో 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ కొత్తది కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మాత్రం తనదేనని ఆయన వాదన. దాదాపు 40 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కించిన గదిలో, తొంభై నిమిషాల పాటు, ఆ వరుస తప్పకుండా చేయించే ‘బిక్రమ్ యోగా’ అమెరికాలో పెద్ద వ్యాపారంగా ఎదిగింది. ఆయన దగ్గర శిక్షణ పొందిన ఇద్దరు 2009లో ‘ఎవలేషన్ యోగా’ పేరుతో సొంత కుంపటి పెట్టుకున్నారు. అక్కడా అదే వరుస, అంతే సమయం, అదే వేడి. 2011లో గురువుగారు కాపీరైట్ ఉల్లంఘన కింద దావా వేశారు.

ఆయన చేతిలో కాగితాలు లేకపోలేదు. పుస్తకానికి రిజిస్ట్రేషన్ ఉంది. ఆసనాల సంకలనం పేరిట 2002లో దానికి అనుబంధంగా మరొకటి చేయించారు. వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. పాత కథలను ఏరి కూర్చిన సంకలనంలో కథలు ఎవరివైనా, ఆ ఎంపికకూ ఆ కూర్పుకూ కాపీరైట్ ఉంటుంది. నాట్యంలో అడుగుల కూర్పుకూ ఉంటుంది. అలాంటప్పుడు ఆసనాల కూర్పు ఏం పాపం చేసింది?

2015 అక్టోబరులో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు గురువుగారికి వ్యతిరేకంగా వచ్చింది. ఆయనను దెబ్బతీసింది ఆయన ప్రచారమే అనిపిస్తుంది. ఈ వరుసలో చేస్తేనే ఒంటికి మేలు అని ఆయన ఊరూవాడా చెప్పుకున్నారు. అంటే ఇది ఆరోగ్యం కోసం చేసే ఒక పద్ధతి అని ఆయనే ఒప్పుకున్నట్టయింది. పద్ధతికి కాపీరైట్ లేదు. దాన్ని వివరించిన మాటలకు, వేసిన బొమ్మలకు, తీసిన ఫొటోలకు మాత్రమే ఉంది. చూడటానికి ఆ వరుస ఎంత అందంగా ఉన్నా ఈ లెక్క మారదని కోర్టు తేల్చింది. ఎవలేషన్ వాళ్లు పుస్తకంలోని పేజీలను అచ్చు వేసుకుని అమ్మి ఉంటే కథ వేరేలా ఉండేది. వాళ్లు చేసింది పుస్తకంలో చెప్పిన పని.

ఈ తీర్పుకు ఆధారం పందొమ్మిదో శతాబ్దం నాటి ఖాతా పుస్తకం. ఒహాయో రాష్ట్రానికి చెందిన చార్లెస్ సెల్డెన్ జమాఖర్చులు రాసే కొత్త విధానం ఒకటి కనిపెట్టి, 1859లో దాని మీద పుస్తకం వేశాడు. ముందు వివరణ, వెనక గీతలు గీసి శీర్షికలు పెట్టిన నమూనా ఫారాలు. ఒక రోజు లావాదేవీలైనా, వారానివైనా, నెలవైనా మొత్తం ఒక్క పేజీలోనో, ఎదురెదురు పేజీల్లోనో కనిపించడం దాని ప్రత్యేకత. తర్వాత బేకర్ అనే అతను దాదాపు అదే ఫలితం ఇచ్చే ఫారాలను, గడులూ శీర్షికలూ కొంత మార్చి అమ్మాడు. అప్పటికి సెల్డెన్ లేడు. అతని భార్య వేసిన దావా కింది కోర్టులో గెలిచి, 1880 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

ఆ తీర్పులో జస్టిస్ బ్రాడ్లీ ఇచ్చిన ఉదాహరణ మందులది. ఒక వైద్యుడు కొత్త మందు కనిపెట్టి, తయారీ విధానం పుస్తకంగా రాస్తే, ఆ పుస్తకం మీద హక్కు అతనిదే. మందు తయారుచేసే హక్కు మాత్రం పుస్తకంతో రాదు, దానికి పేటెంట్ తెచ్చుకోవాలి. ఎందుకంటే పేటెంట్ ఇచ్చేముందు అది నిజంగా కొత్తదేనా అని ఒక అధికారి పరీక్షిస్తాడు. కాపీరైట్‌కు ఆ పరీక్ష లేదు. ఏ పరీక్షా లేకుండా, ఒక పుస్తకం వేసినంత మాత్రాన, ఒక విద్య మొత్తాన్ని ఒక్కరి చేతిలో పెట్టడం జనాన్ని మోసగించడమే అవుతుందని ఆయన రాశారు. రెండు హక్కులకూ మధ్య గోడ ఎందుకుందో ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు మరొకటి కనబడలేదు.

నిజానికి కాపీరైట్ ఊరికే వస్తుంది. మన దేశంలో రాసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు నిలుస్తుంది. అంత తేలిగ్గా, అంత దీర్ఘకాలం దొరికేది కాబట్టే దాని పట్టు సన్నం. మీ పుస్తకం చూడకుండా ఇంకొకరు సొంతంగా అలాంటిదే రాస్తే మీరేమీ చేయలేరు. పేటెంట్ పట్టు గట్టిది. మీ సంగతే తెలియకుండా సొంత బుర్రతో అదే యంత్రం చేసినవాణ్ని కూడా ఆపగలదు. అందుకే గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. అదైనా మూడో ఏడు నుంచి ఏటా రుసుము కడుతుంటేనే. పైగా తయారీ గుట్టంతా దరఖాస్తులో విప్పి చెప్పాలి. కొత్తదై ఉంటే చాలదు, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టే మార్పు కాకూడదు.

మరి బిక్రమ్ మొదటే పేటెంట్ ఆఫీసుకు వెళ్లి ఉంటే? అమెరికాలో అడిగి చూడవచ్చు. కానీ తన పుస్తకం బయటికొచ్చిన ఏడాదిలోపే అడగాలి, ఆ గడువు దాటితే సొంత పుస్తకమే అడ్డు నిలుస్తుంది. భారతదేశంలో అయితే ఆ తలుపు ముందే మూసి ఉంది. మనుషులకు చేసే చికిత్సా పద్ధతులకు, సంప్రదాయ విజ్ఞానానికి మన చట్టంలోని మూడో సెక్షన్ పేటెంట్ ఇవ్వదు. విదేశాల్లో ఎవరైనా మన ఆసనాలను కొత్తగా కనిపెట్టామంటే అక్కడి పరీక్షకులు సరిచూసుకోవడానికి, సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలో వాటి వివరాలు నమోదు చేసి పెట్టారు. కాపీరైట్ విషయంలోనూ మన దగ్గర దారి వేరేగా లేదు. ప్రాణిక్ హీలింగ్ పద్ధతుల మీద నడిచిన వివాదంలో 2014లో ఢిల్లీ హైకోర్టు, పుస్తకాల్లోని రాతకు రక్షణ ఉంది గానీ ఆ సాధనకు లేదంది. అంటే ఆసనాల వరుస ఇక్కడ ఏ హక్కు కిందికీ రాదు, ఎవరైనా చేయవచ్చు, నేర్పవచ్చు.

ఇప్పుడు మన ఊళ్లో ఒక యోగా గురువు ఉన్నారనుకుందాం. నడుం నొప్పి ఉన్నవాళ్ల కోసం కోణం మార్చుకోగల చెక్క ఆసరా ఒకటి, ఇదివరకు ఎక్కడా లేని మడత బిగింపుతో తయారుచేశారు. దాన్ని వాడే తీరు మీద చిన్న పుస్తకం రాశారు. పుస్తకాన్ని జిరాక్స్ తీసి అమ్మేవాణ్ని కాపీరైట్‌తో ఆపవచ్చు. అది చదివి చెక్కపని చేసేవాడు అలాంటి ఆసరా తయారుచేసి అమ్మితే మాత్రం ఆ పుస్తకం అడ్డం రాదు. ఆ బిగింపుకు పేటెంట్ ఉండాలి.

ఇలాంటివాళ్లు దెబ్బతినేది సాధారణంగా ఒక వీడియోతో. సంతోషం పట్టలేక, ఆసరా ఎలా బిగుస్తుందో దగ్గర్నుంచి చూపిస్తూ వీడియో తీసి నెట్‌లో పెట్టేస్తారు. ఆ వీడియో మీద కాపీరైట్ అప్పుడే వచ్చేస్తుంది. అదే వీడియో వల్ల ఆసరా ‘ముందే లోకానికి తెలిసిన వస్తువు’ అయిపోతుంది. ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనల్లో పెట్టడం లాంటి కొద్ది సందర్భాల్లో తప్ప మన చట్టం దీన్ని మన్నించదు. కాబట్టి ముందు తాత్కాలిక దరఖాస్తు పెట్టాలి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై పేటెంట్ ఆఫీసే దిక్కు. ఆన్‌లైన్‌లో పెడితే వ్యక్తులకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి ఆ రోజు నుంచి 12 నెలల సమయం ఉంటుంది. తాత్కాలిక దరఖాస్తులో బిగింపు పనిచేసే తీరు వివరంగా రాసి ఉంటే, మర్నాడే వీడియో పెట్టుకున్నా ఇక్కడి పేటెంట్‌కు ఇబ్బంది లేదు.